భువనగిరిలో గదా, ఘట్‌కేసర్‌లోనా, సిటీలోనా? సికింద్రాబాద్ వైపు ఉద్యోగం చేసేవారికి రైలు లెక్క

హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికాక మొదటి నెలలోనే చాలామందికి వచ్చే ఆలోచన ఇది. ఇక్కడ గదికి తొమ్మిది వేలు పోయడం ఎందుకు, భువనగిరిలో నాలుగు వేలకు దొరుకుతుంది కదా, రైలు పాస్ మూడు వందల లోపే కదా, రోజూ అప్ అండ్ డౌన్ చేస్తే సరిపోతుంది కదా అని. కాజీపేట లైన్‌లో ఆలేరు, జనగామ నుంచి కూడా ఇలా వచ్చి వెళ్ళేవాళ్ళున్నారు. ఏళ్ళ తరబడి చేస్తున్నవాళ్ళూ ఉన్నారు, మూడు నెలలకే గది ఖాళీ చేసినవాళ్ళూ ఉన్నారు. ఇద్దరికీ తేడా ఓపికలో ఉందని అనుకుంటాం కానీ, చాలాసార్లు అది గది తీసుకునే ముందు వేసుకున్న లెక్కలో ఉంటుంది.

నేను ఇక్కడ సికింద్రాబాద్–కాజీపేట లైన్‌నే తీసుకుంటున్నాను. దాని మీద మూడు ఎంపికలు పోలుద్దాం: దాదాపు 45–50 కిలోమీటర్ల దూరంలోని భువనగిరి, సిటీ అంచున ఉన్న ఘట్‌కేసర్, సిటీ లోపల మెట్టుగూడ. ఆఫీసు రాణిగంజ్‌లో అనుకుందాం. ఆఫీసు హైటెక్ సిటీ వైపు ఉంటే లెక్క మారిపోతుంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

అద్దె కంటే ముందు చూడాల్సినవి

మొదటిది, గది తలుపు నుంచి ఆఫీసు తలుపు వరకు పట్టే సమయం. "భువనగిరి నుంచి గంట ప్రయాణం" అని ఎవరైనా అంటే అది రైలు కదిలినప్పటి నుంచి ఆగేదాకా పట్టే గంట మాత్రమే. గది నుంచి స్టేషన్‌కు పదిహేను నిమిషాలు, రైలు కోసం పది నిమిషాలు, సికింద్రాబాద్‌లో ప్లాట్‌ఫారం నుంచి బయటపడి బస్సు ఎక్కడానికి పదిహేను, రాణిగంజ్ చేరడానికి ఇంకో ఇరవై. అంటే ఒక వైపుకి రెండు గంటలు. ఇంతా చేసి రైలు టైముకు వచ్చిన రోజు లెక్క ఇది.

సికింద్రాబాద్ దగ్గర అవుటర్ సిగ్నల్‌లో రైలును ఆపేయడం ఈ లైన్‌లో తిరిగేవారందరికీ తెలిసిన విషయమే. ప్లాట్‌ఫారం ఖాళీ లేకపోతే మౌలాలి దాటాక రైలు నిలబడిపోతుంది. స్టేషన్ కళ్ళముందే ఉన్నట్టుంటుంది, వాచీ మాత్రం తొమ్మిదిన్నర వైపు పరుగెడుతుంటుంది. కాబట్టి తొమ్మిదిన్నర ఆఫీసుకు రెండు గంటల ముందు కాదు, రెండుంపావు గంటల ముందు బయలుదేరాలి.

రెండోది సాయంత్రం రైలు. నా దృష్టిలో నిర్ణయం చేయాల్సింది ఇదే. పొద్దున రైలు తప్పితే తర్వాతి రైలుకో బస్సుకో వెళ్ళి కాస్త ఆలస్యంగా చేరతాం, ఆఫీసులో ఒక మాట పడతాం. సాయంత్రం ఆరున్నరకు ఆఫీసు వదిలి స్టేషన్ చేరేసరికి మీ రైలు వెళ్ళిపోతే, తర్వాతి రైలు ఎప్పుడన్నదాని మీద మీ రాత్రి భోజనం, నిద్ర ఆధారపడతాయి. అందుకే గది చూడకముందే ఒక కాగితం మీద రాసుకోండి: మీరు ఆఫీసు వదిలే సమయం తర్వాత భువనగిరిలో ఆగే రైళ్ళు ఎన్ని, వాటి మధ్య ఎడం ఎంత, ఆఖరిది ఎప్పుడు. రెండు రైళ్ళ మధ్య గంటన్నర ఖాళీ ఉండి, మీ ఆఫీసులో "ఒక్క పది నిమిషాలు ఆగు" అనే అలవాటు ఉంటే ఆ ఊరు మీకు కుదరదు. అద్దె ఎంత తక్కువైనా సరే.

రైలు ఎక్కడి నుంచి బయలుదేరుతుందో కూడా చూసుకోవాలి. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ ప్రారంభమయ్యాక, సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణ పనుల వల్ల కొన్ని రైళ్ళను అటు మార్చారు. రాణిగంజ్ నుంచి సికింద్రాబాద్ వెళ్ళి రైలెక్కడం వేరు, చర్లపల్లి దాకా వెళ్ళి ఎక్కడం వేరు. పాత టైంటేబుల్ చూసో, ఊళ్ళో ఎవరో చెప్పింది వినో గది తీసుకోవద్దు. రైల్వే వాళ్ళ NTES యాప్‌లో రైలు నంబరు కొట్టి అది ఈ మధ్య ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో, ఎంత ఆలస్యంగా నడుస్తోందో చూడండి. రెండు వారాల పాటు రోజూ చూసి రాసుకుంటే అసలు సంగతి తెలుస్తుంది.

మూడోది కూర్చోవడం. పొద్దున భువనగిరికి వచ్చే ఎక్స్‌ప్రెస్‌లు ఎక్కడో దూరం నుంచి వస్తాయి. వరంగల్, జనగామల్లోనే జనరల్ బోగీ నిండిపోతుంది. చాలా రైళ్ళకు జనరల్ బోగీలు ముందు చివర, వెనక చివర ఉంటాయి కాబట్టి, రోజూ వెళ్ళేవాళ్ళు ప్లాట్‌ఫారం మధ్యలో నిలబడరు. ఏ రైలుకు ఎక్కడ నిలబడాలో వాళ్ళకు తెలుసు. అయినా చాలా రోజులు సికింద్రాబాద్ దాకా నిలబడే వెళ్ళాల్సి ఉంటుంది. సాయంత్రం కొంత నయం. సికింద్రాబాద్‌లోనే మొదలయ్యే రైలైతే అరగంట ముందు వెళ్ళి సీటు పట్టుకోవచ్చు. కానీ ఆ అరగంట కూడా మీ రోజులోంచే పోతుంది.

ఖర్చు లెక్క

నెలకు 22,000 జీతంతో రాణిగంజ్‌లోని ఒక షాపులో అకౌంట్స్ చూసే కుర్రాడు అనుకుందాం. ఒంటరిగా ఉంటాడు, సొంతంగా వండుకుంటాడు, నెలకు 25 రోజుల పని. ఈ అంకెలు లెక్క పద్ధతి చూపించడానికి పెట్టినవి. గదులు చూశాక మీ అంకెలు వేసుకోండి.

| ఖర్చు (నెలకు, రూ.) | భువనగిరి గది | ఘట్‌కేసర్ గది | మెట్టుగూడ గది |
|---|---|---|---|
| అద్దె, కరెంటు | 4,000 | 6,000 | 9,000 |
| తిండి | 4,500 | 4,000 | 4,000 |
| రైలు పాస్ | 300 | 200 | – |
| సిటీ బస్సు | 1,000 | 1,000 | 1,000 |
| రైలు తప్పిన రోజుల ఖర్చు | 600 | 300 | – |
| మొత్తం | 10,400 | 11,500 | 14,000 |
| ఒక వైపు ప్రయాణం | 2 గంటలు | 1 గంట 15 నిమిషాలు | 40 నిమిషాలు |

ఇందులో భువనగిరి తిండి ఖర్చు ఎక్కువెందుకని అడగొచ్చు. రాత్రి పావు తక్కువ తొమ్మిదికి గదికి చేరినవాడు రోజూ కూర వండడు. అన్నం కుక్కర్‌లో పెట్టి కర్రీ పాయింట్‌లో కూర తెచ్చుకుంటాడు. పొద్దున టిఫిన్ స్టేషన్ దగ్గర బండి మీద తింటాడు. ఇలా చిన్న చిన్నగా పోయేది నెలాఖరుకు తెలుస్తుంది.

అద్దెలో ఐదు వేలు మిగులుతుందనుకున్నది మొత్తం చూసేసరికి 3,600 అయింది. ఇప్పుడు దీన్ని సమయంతో పోల్చాలి. భువనగిరి నుంచి రోజుకు రెండు వైపులా కలిపి మెట్టుగూడ కంటే 160 నిమిషాలు ఎక్కువ. 25 రోజులకు అది దాదాపు 67 గంటలు. 3,600 రూపాయల కోసం 67 గంటలు ఇస్తున్నాడంటే గంటకు 54 రూపాయలు. ఘట్‌కేసర్‌లో మిగిలేది 2,500, అదనంగా పోయేది 29 గంటలు, గంటకు 86 రూపాయలు. అతని ఉద్యోగం రోజుకు తొమ్మిది గంటల లెక్కన గంటకు దాదాపు 98 రూపాయలు ఇస్తోంది. అంటే భువనగిరి ప్రయాణం జీతంలో సగం రేటుకు చేసే రెండో ఉద్యోగం లాంటిది. ఘట్‌కేసర్ దాని కంటే చాలా మెరుగు.

ఇదే లెక్కను ఇద్దరు స్నేహితులు గది పంచుకునే పద్ధతిలో వేస్తే ఇంకో విషయం బయటపడుతుంది. మెట్టుగూడ గది ఇద్దరికైతే తలా 4,500, మొత్తం ఖర్చు 9,500. భువనగిరి గది ఇద్దరికైతే తలా 2,000, మొత్తం 8,400. మిగిలేది 1,100 మాత్రమే, పోయేది అవే 67 గంటలు. గంటకు పదహారు రూపాయలు. గది పంచుకోవడానికి మీకు అభ్యంతరం లేకపోతే దూరం వెళ్ళడానికి కారణమే ఉండదు. భోజనంతో సహా 7,500కు షేరింగ్ హాస్టల్ దొరికితే, పై ఖర్చులు 800, బస్సు వెయ్యి కలిపినా 9,300 అవుతుంది. అది భువనగిరిలో ఒంటరి గది కంటే కూడా తక్కువ. చాలామంది సిటీలోని ఒంటరి గదిని భువనగిరి ఒంటరి గదితో పోల్చి నిర్ణయం తీసుకుంటారు, హాస్టల్‌ను లెక్కలోకే తీసుకోరు. ముందు మీకు కావలసింది తలుపు వేసుకునే సొంత గదా, పడుకోవడానికి ఒక మంచమా అన్నది తేల్చుకోండి.

భువనగిరి ఎవరికి కుదురుతుంది

ఒక్క గది కాకుండా పోర్షన్ మొత్తం కావలసినవారికి. భార్యాభర్తలు, ఒక పిల్లో పిల్లాడో ఉంటే రెండు గదులు, వంటిల్లు కావాలి. సిటీలో 13,000 అయ్యే పోర్షన్ అక్కడ 6,000కు దొరికిందనుకుంటే, ప్రయాణ ఖర్చులు 900 తీసేసినా 6,100 మిగులుతుంది. అదే 67 గంటలకు గంటకు 91 రూపాయలు. పైగా ఇంట్లో వండిపెట్టేవాళ్ళు ఉంటే రాత్రి గదికి వచ్చి పొయ్యి వెలిగించే పని ఉండదు. అలసటలో సగం ఆ పనిలోనే ఉంది. ఇద్దరిలో ఒకరి ఉద్యోగం భువనగిరిలోనో, బీబీనగర్ ఎయిమ్స్ వైపో ఉంటే ఇంక ఆలోచించనవసరం లేదు.

ఆఫీసు సికింద్రాబాద్ స్టేషన్‌కు నడిచి వెళ్ళేంత దగ్గర ఉన్నవారికీ కుదురుతుంది. చివరి బస్సు తీసేస్తే రెండు గంటల ప్రయాణం గంటన్నరకు తగ్గుతుంది. రోజుకు గంట కలిసివస్తుంది.

షిఫ్టులు మారే ఉద్యోగాలకు మాత్రం వద్దు. రాత్రి తొమ్మిదింటికి డ్యూటీ దిగేవాళ్ళు ఆఖరి రైలు మీద బతకాల్సి వస్తుంది. అది రెండు గంటలు ఆలస్యమైన రోజు ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది, పొద్దున మళ్ళీ మామూలే.

ఘట్‌కేసర్ సంగతి

దగ్గరగా ఉంది కాబట్టి రైళ్ళు ఎక్కువ ఉంటాయనుకోవడం సహజం. నిజానికి చాలా ఎక్స్‌ప్రెస్‌లు ఘట్‌కేసర్‌లో ఆగవు. ప్యాసింజర్లు, కొద్ది ఎక్స్‌ప్రెస్‌లు, ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ళు ఆగుతాయి. ఎంఎంటీఎస్ 2024 మార్చిలో మౌలాలి, సనత్‌నగర్ మీదుగా లింగంపల్లి దాకా మొదలైంది. అది సికింద్రాబాద్ స్టేషన్‌కు వెళ్ళదన్నది గుర్తుంచుకోవాలి, సర్వీసులూ తక్కువే.

మరి ఘట్‌కేసర్ ఎందుకు మంచిదంటే, రైలు తప్పినా బస్సు ఉంటుంది. ఉప్పల్ దాకా బస్సులో వచ్చి అక్కడ మెట్రో ఎక్కవచ్చు. భువనగిరి నుంచి కూడా ఉప్పల్‌కు బస్సులున్నాయి కానీ దూరం ఎక్కువ, ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ట్రాఫిక్‌లో పడితే రైలు ఆలస్యం కంటే ఎక్కువ టైం పోతుంది. ఘట్‌కేసర్‌లో గది తీసుకునేవాళ్ళు రైలును మొదటి దారిగా, ఉప్పల్ బస్సును రెండో దారిగా పెట్టుకుంటే టెన్షన్ చాలా తగ్గుతుంది.

ఆడవాళ్ళకు ఇక్కడ లెక్క వేరు. 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ బస్సుల్లో తెలంగాణ మహిళలకు ఛార్జీ లేదు. పట్టికలో సిటీ బస్సుకు వేసిన వెయ్యి వాళ్ళకు పోతుంది, ఉప్పల్ దాకా బస్సు కూడా ఉచితమే. అయితే ఇది మెట్టుగూడలో ఉన్నా వర్తిస్తుంది కాబట్టి ఊళ్ళ మధ్య తేడా పెద్దగా మారదు. మారేది రైలు తప్పిన రోజు భయం. గది చూసేటప్పుడు స్టేషన్ నుంచి, బస్టాండ్ నుంచి గది దాకా ఉన్న దారిని రాత్రి తొమ్మిదింటికి ఒకసారి నడిచి చూడండి. దీపాలున్నాయా, షాపులు తెరిచి ఉన్నాయా, ఆటోలు దొరుకుతున్నాయా అన్నవి పగలు చూస్తే తెలియవు. రెండు వందలు అద్దె ఎక్కువైనా మెయిన్ రోడ్డు మీద ఉన్న గదే తీసుకోమంటాను.

ఆఫీసు హైటెక్ సిటీ వైపు ఉంటే

కాజీపేట లైన్ వదిలేయండి. సికింద్రాబాద్‌లో దిగి ఈస్ట్ మెట్రో స్టేషన్‌కు వెళ్ళి, అక్కడి నుంచి హైటెక్ సిటీ చేరేసరికి భువనగిరి నుంచి రెండున్నర గంటలు అవుతుంది. 2025 మేలో ఛార్జీలు పెరిగాక ఆ మెట్రో ప్రయాణానికి రానుపోను రోజుకు వంద దాటుతుంది. నెలకు 2,500 పైనే. అద్దెలో మిగిలిన ఐదు వేలల్లో సగం మెట్రోకే పోతుంది.

వాళ్ళు చూడాల్సింది వికారాబాద్ లైన్. శంకర్‌పల్లి, వికారాబాద్ నుంచి రైలెక్కితే సిటీ మధ్యలోకి రాకుండా లింగంపల్లిలో దిగిపోవచ్చు. హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషన్ పేరు చూసి మోసపోవద్దు. అక్కడి నుంచి సైబర్ టవర్స్ వైపు ఆఫీసులకు మళ్ళీ ఆటో కావాలి. అదే విధంగా కాచిగూడ వైపు పని ఉన్నవారికి మహబూబ్‌నగర్ లైన్‌లో షాద్‌నగర్ సరిపోతుంది. ఆఫీసు ఏ వైపు ఉంటే ఆ వైపు నుంచే సిటీలోకి వచ్చే లైన్ చూసుకోవాలి. సిటీని అడ్డంగా దాటాల్సి వస్తే ఏ ఊరైనా నష్టమే.

అలసట ఎప్పుడు తెలుస్తుంది

మొదటి నెల ఉత్సాహంలో గడిచిపోతుంది. బోగీలో నలుగురు పరిచయమవుతారు, సీటు పట్టే వాళ్ళు దొరుకుతారు, బాగానే ఉందనిపిస్తుంది. తేడా రెండో నెలాఖరు నుంచి కనిపిస్తుంది. పొద్దున పావు తక్కువ ఆరుకు లేచి, ఏడుంపావుకు బయటపడి, రాత్రి పావు తక్కువ తొమ్మిదికి వచ్చి, వండుకుని తిని పడుకునేసరికి పావు తక్కువ పదకొండు. అంతా సవ్యంగా జరిగితే ఏడు గంటల నిద్ర. రైలు నలభై నిమిషాలు ఆలస్యమైతే ఆ నలభై నిమిషాలూ నిద్రలోంచే పోతాయి, ఎందుకంటే పొద్దున లేచే టైం మారదు.

కొన్ని గుర్తులున్నాయి. ఆదివారం మధ్యాహ్నం దాకా లేవలేకపోవడం, వారంలో రెండు మూడు రాత్రులు వండకుండా బిస్కెట్లతో సరిపెట్టడం, రైల్లో నిలబడే కునుకు తీయడం. ముఖ్యంగా శనివారం సాయంత్రం బట్టలు ఉతుక్కోవడం కూడా వాయిదా పడుతుంటే, మీకు వారం రోజులు సరిపోవడం లేదని అర్థం. ఇవి నెల పొడవునా ఉంటే గది మార్చుకునే సమయం వచ్చినట్టే. పోటీ పరీక్షలకు చదువుకుంటూ ఉద్యోగం చేసేవాళ్ళు "రైల్లో చదువుకుంటాను" అని లెక్క వేసుకుంటారు. సాయంత్రం సీటు దొరికిన రోజు అది జరుగుతుంది. పొద్దున నిలబడి జరగదు. ఆ లెక్కతో దూరపు గది తీసుకోవద్దు.

పాస్, అడ్వాన్స్ విషయంలో

నెల పాస్ ఉంటే జనరల్ బోగీలోనే ఎక్కాలి. స్లీపర్ ఖాళీగా కనిపించిందని ఎక్కితే టీసీ ఫైన్ వేస్తారు. సూపర్‌ఫాస్ట్ రైలు ఎక్కాలంటే పాస్ మీద సూపర్‌ఫాస్ట్ ఛార్జీ విడిగా కట్టి ఉండాలి. మీకు కుదిరే సాయంత్రం రైలు సూపర్‌ఫాస్ట్ అయితే ఆ ఖర్చును మొదటే లెక్కలో కలపండి.

మూడు నెలల పాస్ ధర నెల పాస్‌కు మూడు రెట్లు కాదు, 2.7 రెట్లు. కొంచెం కలిసివస్తుంది. అయినా మొదట నెల పాసే తీసుకోండి. గది అడ్వాన్స్ కూడా ఒక నెలకు మించి ఇవ్వకుండా, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలో ఓనర్‌తో ముందే మాట్లాడుకోండి. ఘట్‌కేసర్ నుంచి యాదాద్రి దాకా ఎంఎంటీఎస్ పొడిగిస్తారని, అది వస్తే భువనగిరికి రైళ్ళ కొరత ఉండదని ఓనర్లు, బ్రోకర్లు చెబుతుంటారు. ఆ మాట ఎన్నో ఏళ్ళుగా నడుస్తోంది. మీరు అద్దె కట్టబోయేది వచ్చే నెలకు కాబట్టి వచ్చే నెల నడిచే రైళ్ళనే చూసుకోండి. వీలైతే అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక సోమవారం పొద్దున, ఒక శనివారం సాయంత్రం ఆ ప్రయాణం చేసి చూడండి. వారంలో రద్దీ బాగా ఉండేది ఆ రెండు పూటలే.